పేరు ఎక్కడ ఆగింది, మార్కు ఎక్కడ మొదలైంది?

మా అక్క ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతుంది. బళ్ళో కంప్యూటర్ పని కూడా ఆమె నెత్తినే పడింది. యూనిట్ టెస్ట్ అయిన వారం ఒక్కో క్లాస్ టీచరూ తన సెక్షన్ మార్కుల్ని వాట్సాప్‌లో టైప్ చేసి పంపుతారు. అక్క వాటిని ఎక్సెల్‌లో పట్టికగా పెట్టి, ప్రింటు తీసి హెడ్మాస్టరుకి ఇవ్వాలి. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి ఫోను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో అంకె కొట్టుకుంటూ కూర్చుంది.

"ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, మూడు సబ్జెక్టులు. ఇప్పటికి పదకొండు మంది అయ్యారురా" అంది.

"మళ్ళీ ఎందుకు కొడుతున్నావక్కా? మాస్టారు ఒకసారి కొట్టేశారుగా" అన్నాను.

"కొట్టారు. అతికిస్తే మొత్తం ఒకే కాలమ్‌లో పడుతోంది. విడగొడితే ఇంకా ఘోరంగా ఉంది, చూడు."

చూశాను. ఇది మా అక్క ఒక్కదాని బాధ కాదని ఆ తెర చూడగానే అర్థమైంది. తెలుగు పేర్లున్న ప్రతి మార్కుల పట్టీ దగ్గరా ఈ చిక్కు వస్తుంది, దానికో కారణం ఉంది. ఆ ఎనిమిదో తరగతి బి సెక్షన్ పట్టీలో నాలుగు వరుసలు ఇవి. పిల్లల పేర్లు మార్చాను, మిగతాదంతా ఉన్నదున్నట్టే.

```
1 కొండా సాయి తేజ 21 18 23
2 షేక్ రేష్మా 19 AB 22
3. ఎం. వెంకట నాగ లక్ష్మి 24 20 17
04 జాన్ బాబు  22  15 19
```

ముందు రోల్ నంబరు, తర్వాత పేరు, ఆ తర్వాత తెలుగు, లెక్కలు, సైన్సు మార్కులు. ఒక్కోటి పాతికకి. AB అంటే పరీక్షకి రాలేదని. ఈ సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. "సాయి" పేరులోని ముక్క అనీ, "21" మార్కు అనీ కంటికి తెలిసిపోతుంది. కంప్యూటరుకి ఆ కన్ను లేదు. దానికి కనిపించేవి కొన్ని అక్షరాలు, మధ్యమధ్య ఖాళీలు, అంతే. వరుసని ముక్కలు చెయ్యమంటే "ఎక్కడ కొయ్యను?" అని అడుగుతుంది. ఎక్సెల్‌లో Data కిందుండే Text to Columns అడిగేది ఈ ప్రశ్నే. అక్క అందులో Delimited ఎంచుకుని, ఖాళీ ఉన్నచోటల్లా కొయ్యమని Space పెట్టింది. వచ్చింది ఇది:

```
1  | కొండా | సాయి   | తేజ | 21    | 18 | 23
2  | షేక్  | రేష్మా | 19  | AB    | 22 |
3  | ఎం.   | వెంకట | నాగ | లక్ష్మి | 24 | 20 | 17
```

రేష్మా తెలుగు మార్కు నాలుగో కాలమ్‌లో పడింది. సాయి తేజది అయిదో కాలమ్‌లో, లక్ష్మిది ఆరో కాలమ్‌లో. ఏ కాలమ్‌నీ కూడలేం, సగటూ తీయలేం. ఇక్కడ తప్పు ఎక్సెల్‌ది కాదు. ఖాళీ అనే ఒక్క గుర్తుకి మనం రెండు పనులు పెట్టాం. పేరులోని మాటల మధ్యా అదే, పేరుకీ మార్కుకీ మధ్యా అదే. ఏ ఖాళీ ఏ పని చేస్తోందో ఆ గుర్తుని చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

కంప్యూటర్ పుస్తకాల్లో ఈ చిక్కు పెద్దగా కనబడదు. వాటిలో ఉదాహరణలు చాలావరకు రెండు మాటల ఇంగ్లిష్ పేర్లు. ముందు సొంత పేరు, వెనక ఇంటిపేరు. మన దగ్గర ఒక పిల్లకి ఇంటిపేరు పూర్తిగా రాస్తారు, ఇంకొకరికి పొడి అక్షరంతో సరిపెడతారు, మరొకరికి అసలే రాయరు. "సాయితేజ" ఒకరి కలానికి ఒక మాట, మరొకరి కలానికి రెండు. "వెంకట నాగ లక్ష్మి" బళ్ళో పిలవడానికి లక్ష్మే అయినా రిజిస్టరులో మూడు మాటలు. కాబట్టి ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్తే పేరు ఎక్కడ ముగుస్తుందో ముందే చెప్పడానికి వీల్లేదు.

కానీ కుడి నుంచి చూడండి. పేరు ఎంత పొడుగైనా, పొట్టైనా చివరి మూడు మాటలు ఎప్పుడూ మార్కులే. అదొక్కటే ఈ వరుసల్లో మారని సంగతి. అందుకని పేరు జోలికి పోకుండా చివరి నుంచి మూడు ముక్కలు తీసేయాలి. ముందున్న రోల్ నంబరు ఒక ముక్క తీసేయాలి. మధ్యలో మిగిలిందే పేరు. పేరుని వెతకనక్కర్లేదు, తెలిసినవన్నీ తీసేస్తే అదే మిగులుతుంది.

పని మొదలుపెట్టే ముందు చిన్న జాగ్రత్త ఒకటుంది. వాట్సాప్ నుంచి కాపీ చేసిన దాన్ని ఎక్సెల్‌లో ఒక గడి మీద ఒక్కసారి నొక్కి అతికిస్తే వరుసకో గడి చొప్పున దిగుతుంది. అదే గడి లోపలికి రెండుసార్లు నొక్కి వెళ్ళి అతికిస్తే ముప్ఫై ఎనిమిది మందీ ఒకే గడిలో ఇరుక్కుంటారు. మాస్టారు పట్టీని రెండు మెసేజీలుగా పంపితే, రెండింటినీ కలిపి కాపీ చేసినప్పుడు ముందు తేదీ, సమయం, పంపినవారి పేరు కూడా వచ్చి చేరతాయి. ఒక్కో మెసేజీ విడివిడిగా కాపీ చేసుకుంటే ఆ గొడవ ఉండదు.

ఇప్పుడు మొత్తం A కాలమ్‌లో ఉంది, A2 నుంచి. మొదట దాన్ని శుభ్రం చెయ్యాలి. జాన్ బాబు వరుసలో మార్కుల ముందు రెండేసి ఖాళీలున్నాయి. కుడి నుంచి ఖాళీలు లెక్కపెట్టే పద్ధతికి ఈ అదనపు ఖాళీ ఒక్కటి చాలు, లెక్క తప్పడానికి. TRIM అనే ఫార్ములా మధ్యలో ఒక్క ఖాళీనే ఉంచి మిగతావి తీసేస్తుంది. అయితే దానికి లొంగని ఖాళీ ఇంకోటి ఉంది. మామూలు ఖాళీ సంఖ్య 32. వెబ్ పేజీల నుంచీ, కొన్ని వర్డ్ ఫైళ్ళ నుంచీ వచ్చే విడిపోని ఖాళీ సంఖ్య 160. తెర మీద రెండూ ఒకటే. TRIM రెండోదాన్ని ముట్టుకోదు. అందుకే దాన్ని ముందు మామూలు ఖాళీగా మార్చి, తర్వాత TRIM చేయించాం. B2లో ఇది:

```
=TRIM(SUBSTITUTE(A2,UNICHAR(160)," "))
```

కొత్త ఎక్సెల్, అంటే మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్ళకి ఇక్కణ్ణుంచి పని చాలా తేలిక. ఖాళీల్ని కుడి నుంచి లెక్కపెట్టడానికి మైనస్ గుర్తు పెడితే చాలు.

```
=TEXTBEFORE(B2," ",-3)
=TEXTSPLIT(TEXTAFTER(B2," ",-3)," ")
```

కుడి నుంచి మూడో ఖాళీకి ముందున్నది మొదటి ఫార్ములాలో వస్తుంది, అంటే రోల్ నంబరూ పేరూ. ఆ ఖాళీ తర్వాతున్న మూడు మార్కులూ రెండో ఫార్ములాలో మూడు గడుల్లో పరుచుకుంటాయి.

బళ్ళో కంప్యూటర్లో ఉన్నది మాత్రం పాత ఎక్సెల్. అందులో ఇవి పనిచెయ్యవు. దానికో పాత చిట్కా ఉంది. ఎవరు మొదట కనిపెట్టారో గానీ, చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

```
=TRIM(RIGHT(SUBSTITUTE(B2," ",REPT(" ",100)),100))
```

దీని పని లోపలి నుంచి చదవాలి. వరుసలోని ప్రతి ఖాళీ స్థానంలో వంద ఖాళీలు పెట్టమంటున్నాం. దాంతో మాటలన్నీ ఒకదానికొకటి ఎంతో దూరం జరుగుతాయి, రైలు పెట్టెల మధ్య గొలుసుని మైలు పొడుగు సాగదీసినట్టు. ఇప్పుడు కుడి చివర నుంచి వంద అక్షరాలు కోసి తీసుకుంటే ఆ వందలో చివరి మాట ఒక్కటే పడుతుంది, మిగతా అంతా ఖాళీ. బయటనున్న TRIM ఆ ఖాళీని ఊడ్చేస్తుంది. మిగిలేది "23". సైన్సు మార్కు వచ్చేసింది.

లెక్కల మార్కు కోసం కుడి నుంచి రెండొందల అక్షరాలు తీసుకుని, అందులో ఎడమ పక్క వంద ఉంచుకోవాలి. తెలుగుకి మూడొందలు తీసుకుని, ఎడమ వంద.

```
=TRIM(LEFT(RIGHT(SUBSTITUTE(B2," ",REPT(" ",100)),200),100))
=TRIM(LEFT(RIGHT(SUBSTITUTE(B2," ",REPT(" ",100)),300),100))
```

తెలుగు మార్కు C కాలమ్‌లో, లెక్కలు Dలో, సైన్సు Eలో పెట్టాం. ఇక మిగిలినదాన్ని తీసుకోవడమే. మొత్తం వరుస పొడుగులోంచి మూడు మార్కుల పొడుగూ, వాటి ముందున్న మూడు ఖాళీలూ తీసేస్తే రోల్ నంబరూ పేరూ వస్తాయి. F2లో ఇది:

```
=LEFT(B2,LEN(B2)-LEN(C2)-LEN(D2)-LEN(E2)-3)
```

దాన్ని మొదటి ఖాళీ దగ్గర కోస్తే Gలో నంబరు, Hలో పేరు.

```
=LEFT(F2,FIND(" ",F2)-1)
=MID(F2,FIND(" ",F2)+1,100)
```

ఈ ఫార్ములాలు రెండో వరుసలో ఒకసారి రాసి, గడి కింద మూలనున్న చిన్న చతురస్రాన్ని పట్టుకుని ముప్ఫై తొమ్మిదో వరుస దాకా లాగితే చాలు. మొదటి వరుస శీర్షికలకి వదిలేశాం కాబట్టి 2 నుంచి 39.

లక్ష్మి నంబరు పక్కన చుక్క ఒకటి మిగిలింది, "3." అని. అక్క వెంటనే Ctrl+H నొక్కి చుక్కలన్నీ తీసెయ్యబోయింది. ఆపాను. అలా మొత్తం మీద చేస్తే "ఎం." పక్కన చుక్క పోతుంది, పోతే పోయింది. కానీ ఎవరైనా అర మార్కు వేసి 22.5 అని రాసుంటే అది 225 అవుతుంది. చుక్క తీయాల్సింది నంబర్ల కాలమ్ ఒక్కదానిలోనే. అది కూడా ఫార్ములాలో SUBSTITUTE పెట్టి తీస్తే మాస్టారు పంపిన అసలు వరుస A కాలమ్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ A కాలమ్‌ని చివరిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అనుమానం వచ్చినప్పుడు తిరిగి చూడ్డానికి మనకున్నది అదొక్కటే.

పట్టిక తెర మీదకి వచ్చింది. అక్క సంబరపడి కింద SUM కొట్టింది. జవాబు సున్నా.

మార్కులన్నీ గడుల్లో ఎడమ పక్కకి ఒరిగి ఉన్నాయి. అదే ఆనవాలు. ఎక్సెల్ తనంతట తాను అంకెల్ని కుడికీ, అక్షరాల్ని ఎడమకీ జరుపుతుంది. వరుసలోంచి కోసి తీసిన "23" ఎక్సెల్ దృష్టిలో అంకె కాదు, రెండు అక్షరాలు. ఒకటితో గుణిస్తే అంకెగా మారుతుంది. అయితే AB ని ఒకటితో గుణిస్తే #VALUE! అని ఎర్రర్ వస్తుంది. రెంటికీ సరిపోయేది ఇది:

```
=IFERROR(C2*1,C2)
```

మారితే అంకెగా మార్చు, మారకపోతే ఉన్నది ఉంచు అని. దీన్ని వేరే కాలమ్‌లోనే పెట్టాలి, Cలోనే కాదు. ఎందుకంటే ఎవరైనా "05" అని రాసుంటే అంకెగా మారాక అది "5" అవుతుంది, పొడుగు ఒకటి తగ్గుతుంది. అప్పుడు పేరుని కోసే ఫార్ములా ఒక అక్షరం తక్కువ తీసి, పేరు చివర ఒక ఖాళీని వదిలేస్తుంది. ఆ ఖాళీ కంటికి కనిపించదు. రేపు ఈ పేరుని ఇంకో పట్టికలో వెతికినప్పుడు దొరకకుండా పోతుంది.

ఇక్కడ చాలామంది పని అయిపోయిందనుకుని ప్రింటు తీసేస్తారు. అసలు భయపడాల్సింది ఇప్పుడే. కుడి నుంచి మూడు ముక్కలు తీసే పద్ధతికి ఒక దుర్గుణం ఉంది. ఏం ఇచ్చినా కాదనకుండా మూడు ముక్కలు కోసిచ్చేస్తుంది. వరుస సరిగ్గా ఉందా లేదా అని అడగదు. అడగాల్సింది మనమే.

ముప్ఫై ఎనిమిది మందికి మూడేసి చొప్పున 114 గడులు. ప్రతి గడిలోనూ ఉంటే అంకె ఉండాలి, లేకపోతే AB ఉండాలి. మూడోది ఉండకూడదు. COUNT అంకెల్ని మాత్రమే లెక్కపెడుతుంది, COUNTIF తో AB ల్ని లెక్కపెట్టొచ్చు. అంకెలు 109 వచ్చాయి, AB లు 3. మొత్తం 112. రెండు గడులు ఎటు పోయాయి?

కుడికి ఒరిగిన అంకెల మధ్య ఎడమకి ఒరిగినవి వెతికాం. ఏడో నంబరు పిల్లాడికి సైన్సులో "2O" ఉంది. సున్నా స్థానంలో ఇంగ్లిష్ ఓ అక్షరం. ఫోనులో వేలు పక్కకి జరిగిందేమో. కంటికి తేడా తెలియదు, కూడేటప్పుడు ఎక్సెల్ దాన్ని నిశ్శబ్దంగా వదిలేసేది, పిల్లాడికి ఇరవై మార్కులు గల్లంతు. రెండోది పన్నెండో నంబరు. ఆ పిల్ల తెలుగు మార్కుల గడిలో "హారిక" అని ఉంది. A కాలమ్‌లో చూస్తే అసలు వరుస ఇది:

```
12 పి. హారిక 20 18
```

మార్కులు రెండే ఉన్నాయి. చివరి మూడు మాటలు తియ్యమన్నాం కాబట్టి పేరుని కూడా లాక్కొచ్చేసింది. మరి లేని మార్కు ఏ సబ్జెక్టుది? 20 తెలుగుదా, లెక్కలదా? 18 సైన్సుదా, లెక్కలదా? దీనికి ఏ ఫార్ములా దగ్గరా జవాబు లేదు, ఎంత తెలివైనదైనా. ఆ సమాచారం ఆ వరుసలో లేనే లేదు. మాస్టారుని అడగాల్సిందే. అక్క మెసేజ్ పెట్టింది.

114 లెక్క సరిపోయినా పట్టుబడని తప్పు ఇంకోటి ఉంది. అది దొరికింది MAX వల్ల. పాతిక మార్కుల పరీక్షలో సైన్సు గరిష్ఠం 51 వచ్చింది. ఇరవై ఏడో నంబరు వరుసలో మాస్టారు అలవాటుకొద్దీ మొత్తం కూడా కూడి పక్కన రాసేశారు.

```
27 బి. మనోజ్ 17 14 20 51
```

చివరి మూడు 14, 20, 51. అన్నీ అంకెలే కాబట్టి COUNT కి అనుమానం రాలేదు. పిల్లాడి పేరు "బి. మనోజ్ 17" అయి కూర్చుంది. ప్రింటులో అయితే ఎవరూ గమనించేవారు కాదేమో. అందుకే ప్రతి కాలమ్‌కీ MAX చూడాలి, పేర్ల కాలమ్‌లో ఎక్కడైనా అంకె ఉందేమో చూడాలి. రోల్ నంబర్లు 1 నుంచి 38 వరకు వరసగా, మధ్యలో తెగకుండా ఉన్నాయా అన్నది కూడా ఒక చూపు చూడాలి. ఈ మూడూ కలిపి రెండు నిమిషాల పని.

ఇన్ని చూసినా పట్టుబడనిది ఒకటి ఉంటుంది. మాస్టారు ఒక పిల్లకి లెక్కల మార్కు ముందూ, తెలుగు మార్కు వెనకా రాసుంటే అంకెలు సరిగ్గానే ఉంటాయి, హద్దులోనే ఉంటాయి. దానికి మందు పాత పద్ధతే. ఒకరు జవాబు పత్రాల కట్ట ముందేసుకుని చదువుతుంటే ఇంకొకరు పట్టికలో చూసుకోవడం.

గూగుల్ షీట్స్‌లో పనిచేసేవాళ్ళకి ఇంతకంటే మంచి దారి ఉంది. మంచిది అనడానికి కారణం పని తక్కువని కాదు, తప్పు వరుసని తీసుకోనంటుంది కనుక. వరుస ఎలా ఉండాలో ముందే ఒక నమూనాగా చెబుతాం.

```
=SPLIT(REGEXREPLACE(B2,
"^(\d+)[.)]* (\D+) ([\d.]+|AB) ([\d.]+|AB) ([\d.]+|AB)$",
"$1|$2|$3|$4|$5"),"|")
```

చూడ్డానికి ముళ్ళకంపలా ఉంటుంది గానీ, చదివితే సూటిగానే ఉంది. `\d+` అంటే అంకెలు, అది రోల్ నంబరు. దాని పక్కన చుక్కో బ్రాకెట్టో ఉంటే ఉండొచ్చు. `\D+` అంటే అంకె కానిది ఏదైనా, ఎంత పొడుగైనా. అదే పేరు, ఎన్ని మాటలైనా సరే. ఆ తర్వాత మూడుసార్లు, అంకె గానీ AB గానీ. చివరనున్న `$` "ఇక్కడితో వరుస అయిపోవాలి" అని చెప్పడం. ఈ నమూనాకి సరిపోయిన వరుసలో ముక్కల మధ్య నిలువు గీత పెట్టి, SPLIT ఆ గీతల దగ్గర విడగొడుతుంది. అంకెల్ని అంకెలుగానే ఇస్తుంది కాబట్టి ఒకటితో గుణించే పనీ లేదు.

సరిపోని వరుస మాత్రం విడిపోకుండా మొత్తంగా ఒకే గడిలో మిగిలిపోతుంది. అక్క ఫోనులో ఇదే పట్టీని అలా చేసి చూశాం. ముప్ఫై అయిదు వరుసలు చక్కగా విడిపోయాయి. 7, 12, 27 నంబర్లు అలాగే ముద్దగా ఉండిపోయాయి. ఎక్సెల్‌లో మూడు రకాల పరీక్షలు పెట్టి పట్టుకున్న మూడు తప్పులూ ఇక్కడ వాటంతటవే చెయ్యెత్తి నిలబడ్డాయి. హారిక వరుసలో మూడో మార్కు లేదు. మనోజ్ వరుసలో పేరుకి అంకె తగిలింది. ఏడోదాంట్లో ఓ అక్షరం అంకె కాదు. లెక్కకి సరిపడని దాన్ని ఏదో ఒకలా సర్దేసే పనిముట్టు కంటే, నాకు తెలియదని వదిలేసే పనిముట్టు మేలు.

ఎక్సెల్‌లో Ctrl+E తో పనిచేసే Flash Fill గురించి అడిగేవాళ్ళుంటారు. 2013 నుంచి ఉంది. ఒకటి రెండు వరుసలు మనం చేసి చూపిస్తే మిగతావి ఊహించి నింపేస్తుంది. పేరులోంచి ఇంటిపేరు తీయడం లాంటి పనికి సరదాగా ఉంటుంది. మార్కుల విషయంలో నేను దాన్ని నమ్మను. ఊహ ఎక్కడ తప్పిందో చెప్పదు, ఏ నియమం మీద నింపిందో కూడా చూపించదు.

ఒక టీచరు మార్కుల్ని "8/10" అని రాస్తుంటారని అక్క చెప్పింది. చేత్తో రాసేటప్పుడు చాలామందికి ఉన్న అలవాటే. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. మన దేశపు అమరికలో అయితే అక్టోబరు 8, అమెరికా అమరికలో అయితే ఆగస్టు 10. తేదీని అది లోపల ఒక పెద్ద సంఖ్యగా దాచుకుంటుంది. 2025 అక్టోబరు 8 అంటే 45938. ఎనిమిది మార్కులు తెచ్చుకున్న పిల్లకి మొత్తం నలభై అయిదు వేలు దాటుతుంది. ఇంత పెద్ద తప్పు కాబట్టి దొరికిపోతుంది గానీ, అప్పటికే గడిలో అసలు "8/10" చెరిగిపోయి ఉంటుంది. దానికి ఉపాయం, అతికించే ముందే మార్కులు పడే కాలమ్‌లని ఎంచుకుని Text గా మార్చిపెట్టడం, అలాంటి మార్కుని ఒకటితో గుణించకపోవడం.

ఈ దెబ్బ తిన్నది బడి పంతుళ్ళే కాదు. MARCH1, SEPT1 అని పేర్లున్న మానవ జన్యువులు ఉండేవి. శాస్త్రవేత్తలు వాటి పట్టికలు ఎక్సెల్‌లో తెరిస్తే మార్చి 1, సెప్టెంబరు 1 అయిపోయేవి. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యుశాస్త్ర వ్యాసాల్లో అయిదింట ఒక వంతు దాకా ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లే MARCHF1, SEPTIN1 అని మార్చుకున్నారు.

తెలుగులో టైప్ చేసిన పేర్లకి మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటుంది. "రాజ్‌కుమార్" అని రాసేటప్పుడు "జ్" తర్వాత "కు" దానికింద వత్తుగా అంటుకోకుండా ఉండడానికి కొన్ని కీబోర్డులు మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతాయి. దాని సంఖ్య 8204. ఒక పట్టీలో అది ఉండి, ఇంకో పట్టీలో దాని చోట మామూలు ఖాళీ ఉంటే రెండు పేర్లూ ఎక్సెల్‌కి వేర్వేరు. యూనిట్ టెస్ట్ 1 పట్టికనీ, 2 పట్టికనీ పేరు ఆధారంగా కలపబోతే ఇలాంటి పిల్లలు జారిపోతారు. "రాజేశ్వరి", "రాజేశ్వరీ" గొడవ ఎలాగూ ఉండనే ఉంది. పట్టికలు కలిపేటప్పుడు పేరుని కాదు, రోల్ నంబరుని పట్టుకోవాలి. అందుకే ఆ ముందున్న చిన్న అంకెని జాగ్రత్తగా విడదీసి, చుక్కలు తీసి, అంకెగా మార్చి పెట్టుకున్నాం. "04" నీ "4" నీ ఒకటి చేయడానికి కూడా అదే IFERROR పనికొచ్చింది.

అంతా అయ్యాక ఫలితం ఉన్న కాలమ్‌లని కాపీ చేసి, ఇంకో షీట్‌లో Paste Special లో Values ఎంచుకుని అతికించాం. అలా చెయ్యకపోతే తర్వాత ఎవరైనా A కాలమ్ తీసేసినప్పుడు పట్టికంతా ఎర్రర్లతో నిండిపోతుంది. గీతలు కొట్టి, పైన సబ్జెక్టుల పేర్లు పెట్టి ప్రింటుకి సిద్ధం చేశాం.

వచ్చేసారి మాస్టార్లందరికీ ఏం చెప్పమంటావని అక్క అడిగింది. కామా పెట్టి రాయమంటే సగం మంది మర్చిపోతారు. అందుకని పేరుని చివర రాయమన్నాను. "12 20 18 19 పి. హారిక" అని. అప్పుడు ఎడమ నుంచి నాలుగు ముక్కలు లెక్కపెట్టొచ్చు, పేరు తన ఇష్టమొచ్చినంత పొడుగు సాగొచ్చు. "ఆయన వినరురా, పేరు ముందు రాయకపోతే ఆయనకి చెయ్యి ఆడదు" అంది అక్క. నిజమే కావచ్చు.

ఇంతలో ఫోను మోగింది. తెలుగు మాస్టారి జవాబు. హారిక లెక్కల పరీక్షకి రాలేదట, AB పెట్టడం మర్చిపోయారట. 20 తెలుగుది, 18 సైన్సుది. ఆమె వరుస సరిచేశాం. ఏడో నంబరు ఓ అక్షరాన్ని సున్నా చేశాం, మనోజ్ 51 తీసేశాం. అంకెలు 110, AB లు 4. మొత్తం 114.

లెక్కల కాలమ్ కింద AVERAGE పెడితే 16 వచ్చింది. అక్క చేతిలో క్యాలిక్యులేటర్ పెట్టుకుని 544 ని 38 తో భాగించి చూసుకుంది, పధ్నాలుగు పైచిలుకు. "నీది తప్పు చూపిస్తోంది" అంది. AVERAGE అక్షరాలున్న గడుల్ని లెక్కలోకి తీసుకోదని, రాని నలుగురినీ వదిలేసి రాసిన ముప్ఫై నాలుగు మందితోనే భాగించిందని చెప్పాను. రానివాళ్ళకి సున్నా వేసి కలపాలా, వదిలేయాలా అన్నది హెడ్మాస్టరు చెప్పాల్సిన మాట. అక్క ఆ గడి పక్కనే "రాసినవారి సగటు" అని టైప్ చేసి, ప్రింటర్ స్విచ్ వేసింది.